సర్టిఫికెట్ లేనివాడు జాబితాలో ఎందుకు కనిపించడు: ట్రైనింగ్ మ్యాట్రిక్స్ లోపలి లెక్క

క్లుప్తంగా: సర్టిఫికెట్ల ఫైళ్ల నుంచి గడువు దాటినవాళ్ల జాబితా తీస్తే, సర్టిఫికెట్ ఉన్నవాళ్లే అందులోకి వస్తారు. అసలు ట్రైనింగే కానివాళ్లు ఎక్కడా తేలరు. మ్యాట్రిక్స్‌ని, అంటే ఎవరికి ఏ ట్రైనింగ్ ఏ స్థితిలో ఉందో చూపే పట్టికని, ఉద్యోగుల జాబితా నుంచి మొదలుపెట్టి, ఎవరికి ఏది తప్పనిసరో వేరే పట్టికలో రాసి, సర్టిఫికెట్లను చివర కలపాలి. తేదీలు, పేర్లు, వెల్డర్ల ఆరు నెలల నియమం అనే మూడు చోట్ల ఎక్కువ తప్పులు జరుగుతాయి.

చెన్నైకి ఉత్తరాన గుమ్మిడిపూండి సిప్‌కాట్ పారిశ్రామికవాడలో షిఫ్ట్ మారే టైమ్‌కి నిలబడితే తమిళంతో పాటు తెలుగు కూడా బాగానే వినిపిస్తుంది. తడ, సూళ్లూరుపేట వైపు నుంచి రోజూ వచ్చి పోయేవాళ్లు చాలామంది. అలాంటి ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్‌ని ఊహించుకుందాం. కస్టమర్ ఆడిట్ వారంలో ఉందని మెయిల్ వస్తుంది, అందులో ఒక లైన్: "ట్రైనింగ్ రెన్యువల్ గడువు దాటినవాళ్ల వివరాలు సిద్ధంగా ఉంచండి." హెచ్‌ఆర్ దగ్గర ఉన్నదల్లా స్కాన్ చేసిన సర్టిఫికెట్ల ఫోల్డర్, ఎప్పుడో ఎవరో మొదలుపెట్టిన ఒక ఎక్సెల్. దాంట్లో తేదీ కాలమ్‌ని సార్ట్ చేసి, పాతవి ఎర్ర రంగు చేసి పంపేస్తారు. పని అయిపోయినట్టే కనిపిస్తుంది. ఈ వ్యాసం ఆ జాబితా ఎందుకు తప్పవుతుందో, దాని బదులు ఏం కట్టాలో చూస్తుంది. ఉదాహరణకి ఐదుగురు ఉద్యోగులు చాలు, వాళ్లని నంబర్లతోనే పిలుద్దాం. లెక్క చూసే తేదీ 15-10-2025 అనుకుందాం.

## జాబితా వేరు, మ్యాట్రిక్స్ వేరు

సర్టిఫికెట్ల లాగ్ అంటే జరిగిపోయిన వాటి రికార్డు. ఫలానా రోజున ఫలానా వ్యక్తికి ఫలానా కోర్సు అయింది, అంతవరకే అది చెప్పగలదు. జరగాల్సి ఉండి జరగనిది అందులో ఉండదు, ఉండే వీలు కూడా లేదు. సెప్టెంబర్ 1న ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్‌గా చేరిన 150 నంబరు ఉద్యోగికి ఇంతవరకు ఒక్క సర్టిఫికెట్ కూడా లేదు. లాగ్‌ని ఎన్ని రకాలుగా సార్ట్ చేసినా, పివట్ వేసినా అతని నంబరు రాదు. గడువు నెల క్రితం దాటినవాడికంటే అతని పరిస్థితే అధ్వాన్నం, కానీ జాబితా ప్రకారం అతను లేడు కాబట్టి సమస్యా లేదు.

అందుకే మ్యాట్రిక్స్‌కి మూడు పట్టికలు కావాలి. మొదటిది ఇవాళ పనిలో ఉన్నవాళ్ల జాబితా, ఇది జీతాల షీట్ నుంచి తీసుకోవడం మంచిది, ఎందుకంటే ఆ ఒక్క షీట్‌నే అందరూ జాగ్రత్తగా సరిచూసుకుంటారు. రెండోది అవసరాల పట్టిక: ఏ పనికి ఏ కోర్సు తప్పనిసరి. మూడోది సర్టిఫికెట్ల లాగ్. వరసలు మొదటి పట్టిక నుంచి, ఏ గడి నింపాలన్నది రెండో దాని నుంచి, తేదీలు మూడో దాని నుంచి వస్తాయి. ఈ క్రమం తిరగబడితే పైన చెప్పిన 150 నంబరు మళ్లీ మాయమైపోతాడు.

రెండో పట్టికే చాలాచోట్ల ఉండదు. ఎవరికి ఏం కావాలో సేఫ్టీ ఆఫీసర్ తలలో ఉంటుంది, ఆయన ఉద్యోగం మారితే ఆ తలతో పాటే వెళ్లిపోతుంది. దీన్ని రాయడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు, రెండు కాలమ్‌లు చాలు. "ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్" పక్కన FORKLIFT, "షిఫ్ట్ సూపర్‌వైజర్" పక్కన FIRSTAID, "వెల్డర్" పక్కన GTAW. ఒక పనికి మూడు కోర్సులు కావాలంటే మూడు వరసలు రాయాలి. ఒకే గడిలో కామా పెట్టి ఇరికించకూడదు, అలా చేస్తే తర్వాత వాడబోయే ఫార్ములా దాన్ని చదవలేదు.

## పేరుతో కలిపితే కలవదు

లాగ్‌ని ఉద్యోగుల జాబితాతో కలిపేటప్పుడు చేతికి దొరికేది పేరు, సర్టిఫికెట్ మీద ఉండేదీ అదే. కానీ చెన్నైలో పనిచేసే తెలుగువాళ్ల విషయంలో పేరుని నమ్ముకోవడం చాలా ప్రమాదం. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, తమిళనాడు పద్ధతిలో తండ్రి పేరు మొదటి అక్షరం ఇనీషియల్ అవుతుంది. ఆధార్‌లో "కొల్లి శ్రీనివాసరావు" అని ఉన్న మనిషి హెచ్‌ఆర్ ఫారంలో "శ్రీనివాసరావు కె" అవుతాడు. తండ్రి పేరు రాఘవయ్య అని అడిగి తెలుసుకున్న కాంట్రాక్టర్ గుమస్తా గేట్ పాస్ మీద "ఆర్. శ్రీనివాస్" అని రాస్తాడు. ట్రైనింగ్ ఇచ్చిన సంస్థ హాజరు పట్టీలో ఆయన స్వయంగా ఏం రాస్తే అదే సర్టిఫికెట్ మీద అచ్చవుతుంది. ఎక్సెల్‌కి వీళ్లు ముగ్గురు.

దీనికి మందు ఒక్కటే, లాగ్‌లో ప్రతి వరసకీ ఉద్యోగి నంబరు ఉండాలి. పాత సర్టిఫికెట్లకి ఆ నంబరు చేత్తో వెతికి పెట్టాల్సిందే, విసుగు పని, కానీ ఒక్కసారి చేస్తే సరిపోతుంది. కొత్తవాటికి హాజరు పట్టీలోనే పేరు పక్కన నంబరు కాలమ్ పెడితే గొడవే ఉండదు.

కాంట్రాక్ట్ కార్మికుల దగ్గర నంబరు కూడా మోసం చేస్తుంది. కాంట్రాక్టర్ మారినప్పుడు అదే మనిషికి కొత్త నంబరు వస్తుంది, పాత నంబరు మీద ఉన్న సర్టిఫికెట్ అనాథ అయిపోతుంది. మ్యాట్రిక్స్‌లో అతను "ట్రైనింగ్ కాలేదు" అని ఎర్రగా కనిపిస్తాడు, లాగ్‌లో మాత్రం సర్టిఫికెట్ భద్రంగా ఉంటుంది. దీన్ని పట్టుకోవడం తేలిక: లాగ్‌లో ఉండి ఉద్యోగుల జాబితాలో లేని నంబర్లన్నీ వేరుగా తీసి చూడాలి. మానేసినవాళ్లు పోగా మిగిలినవి దాదాపు ఇలాంటి కేసులే.

## తేదీల గొడవ

131 నంబరు ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్ 2023 నవంబర్ 7న పరీక్ష పాసయ్యాడు. కంపెనీ నియమం రెండేళ్లు. అంటే 07-11-2025 దాకా బండి నడపొచ్చు, ఇంకా ఇరవై మూడు రోజులు ఉంది. కానీ ఆ పాత ఎక్సెల్ అతన్ని తొంభై ఆరు రోజుల కిందటే గడువు దాటినట్టు చూపిస్తుంది.

కారణం ల్యాప్‌టాప్ సెట్టింగ్. విండోస్ రీజియన్ అమెరికాగా ఉండిపోతే 07-11-2023 అని టైప్ చేసినది జూలై 11 అవుతుంది, రెండేళ్లు కలిపితే 11-07-2025. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. రోజు అంకె 12 లేదా అంతకంటే తక్కువైతే ఇలా చప్పుడు లేకుండా తారుమారవుతుంది. 12 దాటితే వేరే కథ, 25-09-2023 అన్నప్పుడు ఇరవై ఐదో నెల లేదు కాబట్టి ఎక్సెల్ దాన్ని తేదీగా ఒప్పుకోక మామూలు అక్షరాలుగా ఉంచేస్తుంది. దాని మీద గడువు లెక్కేస్తే #VALUE! వస్తుంది. అది చూడటానికి బాగాలేదని ఎవరో ఒకరు IFERROR తగిలించి ఖాళీ చేస్తారు. ఇక ఆ సర్టిఫికెట్ మ్యాట్రిక్స్‌కి కనపడదు, మనిషికి ట్రైనింగే కాలేదని వస్తుంది.

అక్షరాలుగా మిగిలిపోయిన తేదీలు ఎన్నో ఒక్క లైన్‌తో తెలుస్తుంది:

```
=COUNTA(C2:C400)-COUNT(C2:C400)
```

సున్నా రాకపోతే, వచ్చిన అంకె ఎంతో అన్ని తేదీలు చెడ్డాయన్నమాట. ఇక్కడే ఆగకూడదు. ఇలాంటివి కొన్ని దొరికాయంటే అదే ల్యాప్‌టాప్‌లో ఎక్కించిన మిగతా తేదీలు కూడా తారుమారై ఉంటాయనే అనుకోవాలి, ఎందుకంటే రెండూ ఒకే జబ్బు లక్షణాలు. సరిగ్గా కనిపిస్తున్న తేదీల్లో రోజు అంకె 12 దాటినది ఒక్కటీ లేకపోతే ఇక సందేహమే అక్కర్లేదు. అప్పుడు అసలు సర్టిఫికెట్లు తీసి సరిచూడటం తప్ప దారి లేదు. కొత్తగా ఎక్కించేటప్పుడు నెలని అక్షరాల్లో, 07-Nov-2023 అని టైప్ చేస్తే ఏ ల్యాప్‌టాప్ అయినా ఒకేలా చదువుతుంది.

ఇంకో చిన్న విషయం, గడువు ఎక్కడినుంచి లెక్కపెట్టాలన్నది కోర్సుని బట్టి మారుతుంది. సెయింట్ జాన్ ఆంబులెన్స్ ప్రథమ చికిత్స సర్టిఫికెట్ మామూలుగా మూడేళ్లు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ బేసిక్ లైఫ్ సపోర్ట్ కార్డు రెండేళ్లు, కానీ రెండేళ్ల తర్వాత అదే నెల చివరి రోజు దాకా చెల్లుతుంది, కాబట్టి దానికి నెలలు కలిపి అదే తేదీ ఇచ్చే EDATE బదులు నెల చివరి రోజు ఇచ్చే EOMONTH వాడాలి. ఫోర్క్‌లిఫ్ట్‌కి అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నియమం ఆపరేటర్ పనితీరుని కనీసం మూడేళ్లకోసారి పరీక్షించమంటుంది, బయటి కస్టమర్లున్న కంపెనీలు దాన్నే తీసుకోవడమో, ఇంకా తగ్గించి రెండేళ్లు పెట్టుకోవడమో చేస్తాయి. అందుకని ఎన్ని నెలలన్నది ఫార్ములాలో రాయకుండా Rules అనే వేరే కోర్సుల పట్టికలో రాయాలి. సర్టిఫికెట్ మీదే గడువు అచ్చై ఉంటే అదే తీసుకోవాలి, లేనప్పుడు మాత్రం లెక్కేయాలి:

```
=IF(D2<>"", D2, EDATE(C2, XLOOKUP(B2, Rules!A:A, Rules!B:B)))
```

ఇక్కడ A ఉద్యోగి నంబరు, B కోర్సు, C ఇచ్చిన తేదీ, D అచ్చైన గడువు. ఈ ఫలితం E కాలమ్‌లోకి వెళుతుంది.

## గడి లోపల ఏం జరుగుతుంది

మ్యాట్రిక్స్‌లో ఎడమ పక్క ఉద్యోగి నంబరు, పేరు, పని, పైన కోర్సుల కోడ్‌లు. ప్రతి గడిలోనూ ఒకే ఫార్ములా, ఇందులో Log అంటే సర్టిఫికెట్ల లాగ్, Need అంటే అవసరాల పట్టిక:

```
=LET(x, MAXIFS(Log!$E:$E, Log!$A:$A,$A2, Log!$B:$B,D$1),
 n, COUNTIFS(Need!$A:$A,$C2, Need!$B:$B,D$1),
 IF(n=0,"NA", IF(x=0,"NEVER", IF(x<AsOf,"OVERDUE",
 IF(x<=AsOf+60,"DUE","OK")))))
```

ముందు ఈ పనికి ఈ కోర్సు అవసరమా అని చూస్తుంది, అవసరం లేకపోతే NA. అవసరమైతే ఆ మనిషి, ఆ కోర్సు ఉన్న వరసలన్నిటిలో అన్నిటికంటే చివరి గడువు తేదీ తీసుకుంటుంది. పాత సర్టిఫికెట్లు లాగ్‌లో ఉన్నా ఫరవాలేదు, తీసేయనక్కర్లేదు.

x=0 అన్న చిన్న ముక్క చాలామంది వదిలేస్తారు. సరిపోయే వరస ఏదీ దొరకనప్పుడు MAXIFS ఖాళీ ఇవ్వదు, సున్నా ఇస్తుంది, ఎక్సెల్‌కి సున్నా అంటే 1900 సంవత్సరం మొదట్లో ఒక తేదీ. ఆ ముక్క లేకపోతే 150 నంబరు లాంటి కొత్తవాడు నూట పాతికేళ్ల కిందట గడువు దాటినవాడిలా కనిపిస్తాడు. నవ్వొస్తుంది కానీ ఇందులో అసలు నష్టం ఏమిటంటే NEVER, OVERDUE కలిసిపోతాయి. రెండింటికీ చేయాల్సిన పని వేరు: ఒకరికి రిఫ్రెషర్ చాలు, ఇంకొకరికి పూర్తి కోర్సు కావాలి, అప్పటిదాకా బండి తాళం చేతికివ్వకూడదు.

AsOf అన్నది ఒక గడికి పెట్టిన పేరు, అందులో తేదీ చేత్తో టైప్ చేయాలి. TODAY() పెట్టడం సులువే, కానీ ఆడిటర్‌కి అక్టోబర్ 15న చూపించిన షీట్‌ని నవంబర్‌లో తెరిస్తే రంగులన్నీ మారి ఉంటాయి, ఆ రోజు ఏం చూపించారో నిరూపించడానికి ఏమీ మిగలదు. అరవై రోజులన్నది కూడా గాల్లోంచి తీసుకునే అంకె కాకూడదు. బ్యాచ్ దొరకడానికి మామూలుగా ఎన్ని వారాలు పడుతుందో అంతకంటే కాస్త ఎక్కువ ఉండాలి.

MAXIFS కి ఒక బలహీనత ఉంది. అన్నిటికంటే పెద్ద తేదీనే నమ్ముతుంది కాబట్టి 2025 బదులు ఎవరైనా 2052 అని టైప్ చేస్తే ఆ మనిషి రిటైరయ్యేదాకా OK గానే ఉంటాడు. ఇచ్చిన తేదీ ఇవాళ్టి తర్వాత ఉన్న వరసలు, కోర్సు నెలలకి మించిన గడువున్న వరసలు నెలకోసారి వడపోసి చూస్తే చాలు.

## వెల్డర్ దగ్గర ఈ లెక్క పనిచేయదు

ఇప్పటిదాకా చెప్పినదంతా గడువు తేదీ ముందే తెలిసే కోర్సులకి. వెల్డర్ క్వాలిఫికేషన్ అలాంటిది కాదు. ఏఎస్‌ఎంఈ బాయిలర్, ప్రెషర్ వెసెల్ కోడ్ సెక్షన్ 9 కింద పాసైన వెల్డర్ సర్టిఫికెట్‌కి ఫలానా రోజుతో అయిపోతుందన్న తేదీ లేదు. ఒక ప్రాసెస్‌లో ఆరు నెలలు లేదా అంతకంటే ఎక్కువ కాలం వెల్డింగ్ చేయకపోతే ఆ ప్రాసెస్‌కి క్వాలిఫికేషన్ పోతుంది, చేస్తూ ఉంటే నిలబడుతుంది. అందుకని ఇక్కడ చూడాల్సింది సర్టిఫికెట్‌ని కాదు, షాప్‌ఫ్లోర్‌లో రాసే వెల్డ్ రికార్డుని.

142 నంబరు ఫిబ్రవరి 2025లో జీటీఏడబ్ల్యూ, అంటే టిగ్, పరీక్ష పాసయ్యాడు. మార్చి 28న చివరిసారి ఆ ప్రాసెస్‌లో జాయింట్ వేశాడు. తర్వాత పని తగ్గి అతన్ని ఫిటప్‌కి పంపారు. సెప్టెంబర్ 28కి ఆరు నెలలు నిండాయి. అక్టోబర్ 6న అర్జెంట్ ఆర్డర్ వచ్చి మళ్లీ టిగ్ మీద కూర్చోబెట్టారు.

సర్టిఫికెట్ ఫోల్డర్ చూస్తే గడువే లేదు, అంతా బాగానే ఉంది. కాస్త తెలివిగా, వెల్డ్ రికార్డులోని ప్రతి తేదీని లాగ్‌లో వరసగా ఎక్కించి కోర్సుల పట్టికలో GTAW కి ఆరు నెలలు పెట్టారనుకోండి. MAXIFS చివరి తేదీ అక్టోబర్ 6ని తీసుకుని, ఏప్రిల్ 2026 దాకా OK అంటుంది. పోయిన క్వాలిఫికేషన్‌ని తిరిగి వెల్డింగ్ చేయడమే బతికించేసినట్టు లెక్క వచ్చింది, కానీ నియమం అలా లేదు. మధ్యలో ఉన్న ఖాళీని చివరి తేదీ కప్పేసింది. దాన్ని బయటపెట్టాలంటే లాగ్‌ని నంబరు, ప్రాసెస్, తేదీ వరసలో సార్ట్ చేసి, ప్రతి వరసనీ పైదానితో పోల్చాలి:

```
=IF(AND(A3=A2, B3=B2, C3>=EDATE(C2,6)), "GAP", "")
```

GAP వచ్చిన చోటినుంచి, మళ్లీ టెస్ట్ పాసైన వరస వచ్చేదాకా మధ్యలో ఉన్న వెల్డింగ్ తేదీలకి గడువు కాలమ్ ఖాళీగా ఉంచాలి. అప్పుడు మార్చి 28 నాటి వరసే మిగిలి, గడువు సెప్టెంబర్ 28, గడిలో OVERDUE వస్తుంది.

రెన్యువల్ మాత్రం అనుకున్నంత కష్టం కాదు. ఆ ప్రాసెస్‌లో ఒక టెస్ట్ కూపన్ వెల్డ్ చేసి పాసైతే చాలు, ఏ మందమైనా, ఏ పొజిషనైనా, ఆ ప్రాసెస్‌కి అంతకుముందు ఉన్న క్వాలిఫికేషన్లన్నీ తిరిగి వస్తాయి. ఖరీదైన భాగం వేరే ఉంది, అక్టోబర్ 6 నుంచి 15 దాకా అతను వేసిన జాయింట్లు ఏవో వెతికి, వాటిని ఏం చేయాలో కస్టమర్‌తో తేల్చుకోవాలి. మ్యాట్రిక్స్ ప్రతి నెలా తిప్పి ఉంటే ఆగస్టు మొదట్లోనే DUE అని వచ్చేది, సూపర్‌వైజర్ ఒక పూట టిగ్ మీద చిన్న జాయింట్ వేయించి రికార్డులో రాసుకుంటే సరిపోయేది.

## ఐదుగురి లెక్క

మిగిలిన ఇద్దరు మామూలు కేసులు. 104 నంబరు షిఫ్ట్ సూపర్‌వైజర్, ప్రథమ చికిత్స సర్టిఫికెట్ 12-08-2022న వచ్చింది, మూడేళ్లు నిండి అరవై నాలుగు రోజులైంది. 117 ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్, 05-11-2023న పాసయ్యాడు, ఇంకా ఇరవై ఒక్క రోజులుంది.

| నంబరు | కోర్సు | ఫోల్డర్ నుంచి తీసిన జాబితా చెప్పేది | తేదీలు సరిచేశాక మ్యాట్రిక్స్ చెప్పేది |
|---|---|---|---|
| 104 | ప్రథమ చికిత్స | గడువు దాటింది | OVERDUE |
| 117 | ఫోర్క్‌లిఫ్ట్ | దగ్గరపడింది | DUE |
| 131 | ఫోర్క్‌లిఫ్ట్ | గడువు దాటింది | DUE |
| 142 | టిగ్ వెల్డింగ్ | బాగుంది | OVERDUE |
| 150 | ఫోర్క్‌లిఫ్ట్ | కనిపించడు | NEVER |

ఫోల్డర్ నుంచి తీసిన జాబితాలో గడువు దాటినవాళ్లు ఇద్దరు, అందులో ఒకరు పొరపాటున వచ్చినవాడు. నిజంగా పని ఆపాల్సినవాళ్లు ముగ్గురు, అందులో ఇద్దరు ఆ జాబితాలోనే లేరు.

ఇక పై అధికారులు అడిగేది శాతం. ఐదుగురు, మూడు కోర్సులు, మొత్తం పదిహేను గడులు. అందులో పది NA. ఎర్రగా ఉన్నవి మూడు కాబట్టి "80 శాతం కంప్లయన్స్" అని స్లైడ్ మీద రాయొచ్చు, చాలామంది రాస్తారు కూడా. NA లని తీసేసి అవసరమైన గడులే లెక్కపెడితే ఐదింట్లో రెండు, అంటే 40 శాతం. ఉద్యోగులూ కోర్సులూ పెరిగేకొద్దీ NA గడులు ఇంకా ఎక్కువగా పెరుగుతాయి, కాబట్టి పెద్ద కంపెనీల్లో ఈ తేడా ఇంకా బాగా దాక్కుంటుంది. ఎవరైనా తొంభై పైన శాతం చూపిస్తే ముందు అడగాల్సిన ప్రశ్న, భాగించిన మొత్తంలో NA గడులు కూడా ఉన్నాయా అని.

## నైట్ షిఫ్ట్‌లో ఎవరున్నారు

ప్రథమ చికిత్స దగ్గర మనిషి మనిషికీ లెక్కేసే మ్యాట్రిక్స్ ఒక్కటే చాలదు. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్‌లోని లెక్క నూట యాభై మంది కార్మికులకి కనీసం ఒక ప్రథమ చికిత్స పెట్టె, దానికి సర్టిఫికెట్ ఉన్న ఒక బాధ్యుడు, అతను పని గంటల్లో ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. అంటే ఇక్కడ ప్రశ్న ఎవరి సర్టిఫికెట్ ఎప్పుడు అయిపోయిందన్నది మాత్రమే కాదు, ఈ షిఫ్ట్‌లో చెల్లే సర్టిఫికెట్ ఉన్నవాళ్లు కనీసం ఒకరైనా ఉన్నారా అన్నది.

అందుకని ఉద్యోగుల పట్టికలో షిఫ్ట్ కాలమ్ ఒకటి పెట్టి, ప్రతి షిఫ్ట్‌కీ ప్రథమ చికిత్స గడి OK లేదా DUE ఉన్నవాళ్లని COUNTIFS తో లెక్కపెట్టాలి. యూనిట్‌లో ఆరుగురికి సర్టిఫికెట్లుండి ఐదుగురివి చెల్లుతుంటే వరసగా చూసినప్పుడు ఒక్కటే ఎర్ర గడి, పెద్ద టెన్షన్ పడక్కర్లేదనిపిస్తుంది. కానీ ఆ ఐదుగురూ జనరల్, మొదటి షిఫ్ట్‌ల్లో ఉండి, ఆరోవాడు మన 104 అయి, నైట్ షిఫ్ట్‌కి ఉన్న ఒకే ఒక్క సూపర్‌వైజర్ అతనే అయితే, ఆగస్టు 12 తర్వాత రాత్రి పెట్టె దగ్గర చెల్లే సర్టిఫికెట్ ఉన్న మనిషి లేడు. షిఫ్ట్ వరస పక్కన సున్నా పడితే రిఫ్రెషర్ బ్యాచ్ దొరికేదాకా ఆగకుండా, ఆ ఐదుగురిలో ఒకరిని ఆ రాత్రికే నైట్‌కి మార్చాలి.